డేటా స్ట్రక్చర్ల అధ్యాయానికి సారాంశం రాయడం: పట్టికలో గడికొక షరతు

కొత్తగా చేరే ప్రోగ్రామర్లకు మేమిచ్చే శిక్షణలో డేటా స్ట్రక్చర్ల మీద ఒక అధ్యాయం ఉంది. అర్రే, లింక్డ్ లిస్ట్, హాష్ టేబుల్, సెర్చ్ ట్రీ, హీప్ అన్నీ అందులోనే వస్తాయి. అధ్యాయాన్ని అందరూ ఒకసారి చదువుతారు. ఆ తర్వాత పనిలో పడ్డాక తిరిగి తీసి చూసేది మాత్రం చివర ఉన్న సారాంశపు పేజీనే. పాత సారాంశంలో ఒక పట్టిక ఉండేది. అడ్డంగా చేర్చడం, తీసివేయడం, వెతకడం అనే మూడు శీర్షికలు, నిలువుగా స్ట్రక్చర్ల పేర్లు, గడుల్లో O(1), O(n), O(log n). ఇలాంటి పట్టిక మీరూ చాలాచోట్ల చూసే ఉంటారు. దాన్ని మార్చి రాసిన క్రమాన్ని ఇక్కడ వివరిస్తున్నాను.

మార్చక తప్పదని తేలింది ఒక కోడ్ సమీక్షలో. ఖాతాల జాబితాను ఒకరు లింక్డ్ లిస్టులో పెట్టారు. ఖాతా నంబరు ఇస్తే ఆ ఖాతాను జాబితా నుంచి తీసేయాలి. లింక్డ్ లిస్టే ఎందుకని అడిగితే సారాంశపు పట్టికను చూపించారు. లింక్డ్ లిస్ట్ వరుసలో 'తీసివేయడం' కింద O(1) అని ఉంది. వందల ఖాతాలతో పరీక్షించినప్పుడు తేడా కనిపించలేదు. లక్షల్లోకి వెళ్లేసరికి ప్రతి తొలగింపుకూ లిస్టు మొదటి నుంచి నడవాల్సి వచ్చి ప్రోగ్రాం నత్తనడక పట్టింది.

పట్టికలో ఉన్నది అబద్ధం కాదు. డబ్లీ లింక్డ్ లిస్టులో తీసేయాల్సిన నోడ్ చేతిలో ఉంటే, దాని ముందు నోడ్‌లో ఒక పాయింటర్, తర్వాతి నోడ్‌లో ఒక పాయింటర్ మారిస్తే పని అయిపోతుంది. జాబితా ఎంత పొడవున్నా అంతే. కానీ ఆ ప్రోగ్రామర్ చేతిలో ఉన్నది నోడ్ కాదు, ఖాతా నంబరు. నంబరు నుంచి నోడ్‌ను చేరుకోవడానికి O(n) పడుతుంది. అధ్యాయంలో ఈ మాట స్పష్టంగా ఉంది. సారాంశంలోకి వచ్చేసరికి జవాబు మిగిలింది, షరతు జారిపోయింది.

అందుకే కొత్త సారాంశానికి ఒకే నియమం పెట్టుకున్నాను. ఆపరేషన్ పేరు రాసేటప్పుడు ఏం చేస్తున్నామో మాత్రమే రాస్తే చాలదు, చేతిలో ఏముందో కూడా రాయాలి.

ఆపరేషన్లను విడగొట్టడం

అధ్యాయాన్ని మళ్లీ మొదటి నుంచి చదువుతూ, సమయం గురించి చెప్పిన ప్రతి వాక్యం పక్కనా 'దీనికి ఏమేం ముందే తెలిసి ఉండాలి' అని రాసుకుంటూ పోయాను. లింక్డ్ లిస్ట్ దగ్గరే పని ఎక్కువ పడింది. 'చేర్చడం' అనే ఒక్క మాట నాలుగు ముక్కలైంది. మొదట్లో చేర్చడం O(1). ఇచ్చిన నోడ్ తర్వాత చేర్చడం O(1). చివర చేర్చడం O(1), అయితే చివరి నోడ్‌కు పాయింటర్ విడిగా పెట్టుకుంటేనే. i-వ స్థానంలో చేర్చడం O(n), ఎందుకంటే ముందు అక్కడిదాకా నడవాలి.

తీసివేయడంలో ఇంకో మెలిక ఉంది. సింగ్లీ లింక్డ్ లిస్టులో చివరి నోడ్‌కు పాయింటర్ ఉన్నా, ఆ చివరి నోడ్‌ను తీసేయడం O(1) కాదు, O(n). తీసేశాక కొత్తగా చివరిదయ్యేది దాని ముందున్న నోడ్. దాన్ని కనుక్కోవాలంటే వెనక్కి వెళ్లే దారి లేదు, మొదటి నుంచి రావాల్సిందే. చివర చేర్చడం చౌక, చివర తీయడం ఖరీదు. 'చివరన O(1)' అని ఒకే గడిలో రాసిన సారాంశం ఈ తేడాను మింగేస్తుంది. అందుకని పట్టికలో ఉత్త 'లింక్డ్ లిస్ట్' అని రాయకుండా 'డబ్లీ లింక్డ్ లిస్ట్' అనే రాశాను. సింగ్లీ సంగతి పట్టిక కింద ఒక వాక్యంగా పెట్టాను.

అర్రేలోనూ ఇలాంటిదే ఒకటుంది. క్రమంలో అమర్చిన అర్రేలో బైనరీ సెర్చ్ O(log n). పది లక్షల అంశాలున్నా దాదాపు 20 పోలికలు చాలు. ఇది చదివినవారు కొత్త అంశాన్ని చేర్చడం కూడా O(log n) అనుకుంటారు. చేర్చాల్సిన చోటు దొరకడం నిజంగానే O(log n), కానీ అక్కడ ఖాళీ చేయడానికి ఆ తర్వాతి అంశాలన్నిటినీ ఒక్కో గడి ముందుకు జరపాలి, అది O(n). ఒకే ఆపరేషన్‌లో వెతికే ఖర్చు, జరిపే ఖర్చు అని రెండుంటే రెంటినీ విడిగా చెప్పి పెద్దదాన్ని గడిలో రాయాలి. మరోవైపు, క్రమం అవసరం లేని అర్రేలో స్థానం తెలిసిన అంశాన్ని తీసేయడానికి ఏదీ జరపనక్కర్లేదు. చివరి అంశాన్ని తెచ్చి ఆ గడిలో పెట్టి, పొడవును ఒకటి తగ్గిస్తే సరి, O(1). ఈ చిన్న ఉపాయం రోజువారీ పనిలో ఎంతో ఉపయోగపడుతుంది. పాత సారాంశంలో అది లేనేలేదు.

ఇలా విడగొట్టాక పట్టిక దిశ కూడా మారింది. ప్రోగ్రామర్ మనసులో ముందు మెదిలేది స్ట్రక్చర్ పేరు కాదు, తాను చేయాల్సిన పని. కాబట్టి పనులు వరుసలయ్యాయి, స్ట్రక్చర్లు నిలువు శీర్షికలయ్యాయి. ఇక్కడ హీప్ అంటే అతి చిన్నది పైన ఉండే మిన్ హీప్.

| చేయాల్సిన పని | డైనమిక్ అర్రే | డబ్లీ లింక్డ్ లిస్ట్ | హాష్ టేబుల్ | బ్యాలెన్స్‌డ్ ట్రీ | హీప్ |
|---|---|---|---|---|---|
| i-వ స్థానంలోది చదవడం | O(1) | O(n) | వర్తించదు | వర్తించదు | వర్తించదు |
| కీ ఇచ్చి వెతకడం | O(n) | O(n) | O(1) సగటు | O(log n) | O(n) |
| కొత్తది చేర్చడం (అర్రేలో, లిస్టులో చివర) | O(1) అమార్టైజ్డ్ | O(1) | O(1) సగటు | O(log n) | O(log n) |
| కీ ఇచ్చి తీసివేయడం | O(n) | O(n) | O(1) సగటు | O(log n) | O(n) |
| నోడ్ లేదా స్థానం తెలిసి తీసివేయడం | O(n), క్రమం అక్కర్లేకపోతే O(1) | O(1) | వర్తించదు | O(log n) | O(log n) |
| అతి చిన్నది చూడడం | O(n) | O(n) | O(n) | O(log n) | O(1) |
| అతి చిన్నది తీయడం | O(n) | O(n) | O(n) | O(log n) | O(log n) |
| రెండు కీల మధ్య ఉన్న k అంశాలూ ఇవ్వడం | O(n) | O(n) | O(n) | O(log n + k) | O(n) |

హీప్ నిలువు వరుసలో 'కీ ఇచ్చి వెతకడం' ఎదురుగా O(n) చూసి ఆశ్చర్యపోయినవారు ఉన్నారు. హీప్‌లో ప్రతి నోడ్ తన పిల్లల కంటే పెద్దది కాదన్న హామీ ఒక్కటే ఉంటుంది. ఎడమ, కుడి పిల్లల మధ్య ఏ క్రమమూ ఉండదు. ఎటు వెళ్లాలో చెప్పే సమాచారం లేనప్పుడు అన్నీ చూడాల్సిందే. ట్రీలా కనిపిస్తుంది కాబట్టి ట్రీలా వెతకవచ్చని అనుకోవడం సహజం, అందుకే ఈ కారణాన్ని పట్టిక కిందే రాశాను.

'సగటు', 'అమార్టైజ్డ్' ఒకటి కాదు

గడుల్లో O(1) పక్కన ఆ అదనపు మాటలు ఎందుకని కొందరు అడిగారు. స్థలం మిగులుతుందని వాటిని కొట్టేయమన్న సూచన కూడా వచ్చింది. నేను ఒప్పుకోలేదు. ఆ రెండు మాటలూ రెండు వేర్వేరు హామీలు. అమార్టైజ్డ్ అంటే చాలా ఆపరేషన్ల మొత్తం ఖర్చును వాటన్నిటి మీద పంచితే ఒక్కోదానికి పడే వాటా.

డైనమిక్ అర్రేలో చోటు నిండిపోతే పెద్ద అర్రే తీసుకుని పాతవన్నీ అందులోకి కాపీ చేయాలి. ప్రతిసారీ సామర్థ్యాన్ని రెట్టింపు చేస్తున్నామనుకుందాం. 1 నుంచి మొదలుపెట్టి 1024 అంశాలు చేర్చేసరికి కాపీలు 1 + 2 + 4 అంటూ 512 దాకా పోయి మొత్తం 1023 అవుతాయి. పంచి చూస్తే ఒక్కో చేర్పుకు ఒక్క కాపీ కూడా పడదు. ఇప్పుడు రెట్టింపు మానేసి ప్రతిసారీ 16 గడుల చొప్పున మాత్రమే పెంచుదాం. అవే 1024 అంశాలకు కాపీలు 16 + 32 + 48 అంటూ 1008 దాకా, మొత్తం 32,256. అంశాలు రెట్టింపైతే మొదటి పద్ధతిలో కాపీలు దాదాపు రెట్టింపు అవుతాయి, రెండో పద్ధతిలో దాదాపు నాలుగు రెట్లు అవుతాయి. అంటే అమార్టైజ్డ్ O(1) అనేది అర్రే స్వభావం కాదు, సామర్థ్యాన్ని ఒక నిష్పత్తిలో పెంచడం వల్ల వచ్చినది. ఆ నిష్పత్తి రెండే కానక్కర్లేదు. జావాలో ArrayList ఒకటిన్నర రెట్లు పెంచుతుంది, హామీ అదే.

ఈ హామీ అదృష్టం మీద ఆధారపడదు. ఏ డేటా వచ్చినా మొత్తం ఖర్చు అంతే. కానీ ఏదో ఒక్క చేర్పు మాత్రం O(n) పడుతుంది. ప్రతి అడుగూ నిర్ణీత వ్యవధిలో పూర్తికావాల్సిన ప్రోగ్రాంలో ఆ ఒక్క అడుగే ఇబ్బంది పెడుతుంది.

హాష్ టేబుల్‌లో 'సగటు' వేరు. కీలు బకెట్లలో సమంగా పరుచుకుంటాయన్న ఊహ మీద అది నిలబడుతుంది. అన్ని కీలూ ఒకే బకెట్‌లో పడితే వెతకడం O(n) అవుతుంది. ఇది కాగితం మీది భయం కాదు. వెబ్ సర్వర్‌కు కావాలని ఒకే హాష్ విలువ వచ్చే కీలు పంపి దాన్ని స్తంభింపజేయవచ్చని 2011లో బహిరంగంగా చూపించారు. ఆ తర్వాత వచ్చిన పైథాన్ 3.3లో స్ట్రింగుల హాష్ విలువ ప్రోగ్రాం మొదలైన ప్రతిసారీ మారేలా చేశారు. జావా 8 నుంచి HashMap ఒక బకెట్‌లో అంశాలు పెరిగిపోతే దాన్ని రెడ్-బ్లాక్ ట్రీగా మార్చుకుంటుంది. ఇలాంటి రక్షణలు ఎందుకు పుట్టాయో పాఠకుడికి తెలియాలంటే గడిలో 'సగటు' అన్న మాట ఉండి తీరాలి.

ట్రీ విషయంలో 'బ్యాలెన్స్‌డ్' అన్నది కూడా ఇలాంటి షరతే. మామూలు బైనరీ సెర్చ్ ట్రీలో ఇప్పటికే క్రమంలో ఉన్న డేటాను వరుసగా చేరిస్తే ప్రతి నోడ్‌కూ కుడివైపే ఒక బిడ్డ ఉంటుంది, ట్రీ కాస్తా లింక్డ్ లిస్ట్ అయిపోతుంది. ఏవీఎల్, రెడ్-బ్లాక్ వంటి పద్ధతి వాడితేనే ఎత్తు O(log n) దాటదు.

ఏది ఎప్పుడు: ఒక సమస్యతో

ఎంపిక గురించి రాసే భాగంలో 'వేగంగా వెతకాలంటే హాష్ టేబుల్, ప్రాధాన్యం ఉంటే హీప్' వంటి వాక్యాలు రాయడం తేలిక. ఒక్క ఆపరేషనే ఉన్న సమస్యకు అవి పనికొస్తాయి. నిజమైన పనిలో రెండు మూడు ఆపరేషన్లు కలిసి వస్తాయి, చిక్కంతా అక్కడే. అందుకే ఈ భాగాన్ని సూత్రాలతో కాకుండా పూర్తిగా విప్పిన ఒక ఉదాహరణతో మొదలుపెట్టాను.

సమస్య ఇది. నిర్ణీత సమయానికి నడవాల్సిన పనులు వస్తుంటాయి. ప్రతిదానికీ ఒక ఐడీ, ఒక సమయం ఉంటాయి. మూడు ఆపరేషన్లు కావాలి: కొత్త పని చేర్చడం, అన్నిటికంటే ముందు నడవాల్సినదాన్ని తీయడం, ఐడీ ఇస్తే ఆ పనిని రద్దు చేయడం.

మొదటి రెండూ చూసి అందరూ హీప్ అంటారు, సరైనదే. లక్ష పనులున్నా హీప్ ఎత్తు 17 అంతస్తులే, చేర్చడానికీ తీయడానికీ అంతకంటే కిందికో పైకో వెళ్లనక్కర్లేదు. మూడో ఆపరేషన్‌కు పట్టికలో 'కీ ఇచ్చి తీసివేయడం' వరుస చూడండి, హీప్ కింద O(n). రద్దులు అరుదైతే భరించవచ్చు. కానీ నెట్‌వర్క్ టైమౌట్‌ల వంటి పనుల్లో జవాబు వేళకు వచ్చేస్తుంది కాబట్టి పెట్టిన టైమర్లలో ఎక్కువ భాగం రద్దే అవుతాయి. అప్పుడు ప్రతి రద్దుకూ హీప్ మొత్తం వెతకడం కుదరదు.

పట్టికను చూస్తే ఒక దారి కనిపిస్తుంది. సమయం, ఐడీ జతను కీగా పెట్టి బ్యాలెన్స్‌డ్ ట్రీ, దానితోపాటు ఐడీ నుంచి సమయానికి ఒక హాష్ టేబుల్. రద్దు చేయాలంటే హాష్ టేబుల్‌లో సమయం చూసి, ఆ జతను ట్రీలోంచి తీసేస్తాం, O(log n). ఇది శుభ్రమైన పరిష్కారమే, కానీ అన్ని భాషల ప్రామాణిక లైబ్రరీల్లోనూ బ్యాలెన్స్‌డ్ ట్రీ ఉండదు. పైథాన్‌లో లేదు.

రెండో దారిలో హీప్‌నే ఉంచుకుని రద్దును వాయిదా వేస్తాం. ఇంకా బతికి ఉన్న పనుల ఐడీలు ఒక సెట్‌లో ఉంటాయి. రద్దు అంటే ఆ సెట్‌లోంచి తీసేయడమే, హీప్‌ను ముట్టుకోం. హీప్ పైకి వచ్చినప్పుడు సెట్‌లో లేని పనిని పారేస్తాం.

```python
import heapq

heap, pending = [], set()

def cancel(jid):
    pending.discard(jid)

def next_job():
    while heap:
        due, jid = heapq.heappop(heap)
        if jid in pending:
            pending.remove(jid)
            return due, jid
    return None
```

రద్దు సగటున O(1) అయింది. ప్రతి పనీ హీప్‌లోకి ఒక్కసారే వెళ్తుంది, ఒక్కసారే బయటికి వస్తుంది కాబట్టి మొత్తం ఖర్చు ఒక్కో పనికి O(log n) దాటదు. ఒక్క `next_job` పిలుపు మాత్రం రద్దయిన పనులు వరుసగా తగిలితే ఎక్కువసేపు పట్టవచ్చు. అమార్టైజ్డ్ అన్న మాట ఇక్కడ మళ్లీ పనికొచ్చింది.

ఈ పద్ధతి రెండు చోట్ల దెబ్బతింటుంది, ఆ రెండూ సారాంశంలో ఉండాలని పట్టుబట్టాను. మొదటిది, రద్దయిన ఐడీనే మరో సమయంతో మళ్లీ వాడడం. పాత జత ఇంకా హీప్‌లోనే ఉంది, ఐడీ తిరిగి సెట్‌లోకి వచ్చింది, దాంతో పాతదానికి ప్రాణం వచ్చినట్టవుతుంది. పాత సమయం కొత్తదానికంటే ముందైతే పని వేళకు ముందే నడిచిపోతుంది. అప్పుడప్పుడు మాత్రమే కనిపించే ఇలాంటి దోషాన్ని పట్టుకోవడం చాలా కష్టం. నివారణ సులువు, ప్రతి చేర్పుకూ కొత్త ఐడీ ఇవ్వాలి. రెండోది మెమరీ. చాలా దూరపు సమయానికి పెట్టి వెంటనే రద్దు చేసిన పనులు హీప్ పైకి రావడానికి అంత కాలమూ పడుతుంది, అప్పటిదాకా చోటు ఆక్రమిస్తాయి. ప్రోగ్రాం మెమరీ పెరుగుతూ, సెట్ పరిమాణం మాత్రం చిన్నదిగానే ఉంటే జరుగుతున్నది ఇదేనని పోల్చుకోవచ్చు.

దీనికి విరుగుడు కూడా అధ్యాయంలోనే ఉంది. n అంశాల నుంచి హీప్‌ను ఒకేసారి కట్టడం O(n), ఒక్కొక్కటిగా చేర్చినట్టు O(n log n) కాదు. కాబట్టి హీప్‌లో సగానికి పైగా రద్దయినవే అయితే వాటిని వడకట్టి, మిగిలినవాటితో `heapq.heapify` పిలిచి హీప్‌ను మళ్లీ కడతాం. మళ్లీ సగం దాటాలంటే అప్పటి హీప్‌లో కనీసం సగం పనులు కొత్తగా రద్దు కావాలి కాబట్టి ఆ O(n) ఖర్చు రద్దుల మీద పంచుకుంటే ఒక్కోదానికి స్థిరమే. పైథాన్ asyncio తన టైమర్లకు సరిగ్గా ఇదే చేస్తుంది. హీప్‌లో 100కు పైగా టైమర్లుండి, వాటిలో రద్దయినవి సగం దాటితే హీప్‌ను తిరిగి కడుతుంది.

ఈ ఒక్క ఉదాహరణలో హీప్, హాష్ టేబుల్, ట్రీ మూడూ వచ్చాయి, మూడు రకాల హామీలూ వచ్చాయి. దాని తర్వాత ఎంపిక భాగంలో రాయాల్సింది పెద్దగా మిగల్లేదు. సమస్యలోని ఆపరేషన్లన్నీ రాసుకో, ఒక్కోటి ఎన్నిసార్లు జరుగుతుందో అంచనా వేసుకో, పట్టికలో ఒకే నిలువు వరుస అన్నిటికీ సరిపోకపోతే రెండింటిని జతచేయి. ఇంతే రాశాను.

పరీక్ష

కొత్త పేజీని అధ్యాయం ఇంకా చదవనివారికీ, ఎప్పుడో చదివినవారికీ ఇచ్చి చిన్న సమస్యలు చేయించాం. జవాబు కంటే, ఏ గడి మీద వేలు పెట్టారో చూశాను. ఖాతాల తొలగింపు సమస్యలో అందరూ 'కీ ఇచ్చి తీసివేయడం' వరుసకే వెళ్లారు. రెండు తేదీల మధ్య వచ్చిన లావాదేవీలు ఇవ్వమన్న సమస్యలో మాత్రం కొందరు హాష్ టేబుల్ ఎంచుకున్నారు. తేదీని కీగా పెడితే O(1) కదా అన్నది వారి వాదన. ఒక్క తేదీకి అది నిజం. కానీ హాష్ ఫంక్షన్ పక్కపక్క తేదీలను ఎక్కడెక్కడికో పంపేస్తుంది, కాబట్టి 'ఈ తేదీ తర్వాత ఏది' అన్న ప్రశ్నకు హాష్ టేబుల్ దగ్గర జవాబు ఉండదు. పట్టికలో చివరి వరుస అప్పటిదాకా లేదు, ఈ పరీక్ష తర్వాతే చేర్చాను.

ఇంకో సంగతి పట్టికలోకి తేకుండా కావాలనే కిందే ఉంచాను. అంశాలు కొన్ని పదులు మాత్రమే ఉన్నప్పుడు O(n) వెతుకులాట చేసే అర్రే, హాష్ టేబుల్‌తో సమానంగానో ఇంకా వేగంగానో ఉండవచ్చు. అర్రేలో అంశాలు మెమరీలో పక్కపక్కనే ఉంటాయి కాబట్టి ప్రాసెసర్ కాష్ వాటిని గుంపుగా తెచ్చుకుంటుంది. లింక్డ్ లిస్టులో ప్రతి నోడ్ ఎక్కడో ఉంటుంది, ఒక్కో అడుగుకూ మెమరీ దాకా వెళ్లాల్సి రావచ్చు. ఈ తేడా n పెరిగితే ఖర్చు ఎలా పెరుగుతుందన్న దాంట్లో కనిపించదు, యంత్రాన్ని బట్టి, అంశాల పరిమాణాన్ని బట్టి మారుతుంది. గడిలో అంకెగా రాస్తే ఎక్కడైనా నిజమేనన్న భ్రమ కలుగుతుంది. అందుకే పట్టిక కింద 'చిన్న జాబితాలకు ముందు అర్రేతో రాసి, కొలిచి, అవసరమైతేనే మార్చండి' అని మాత్రం రాశాను.